సోడియం దీపం పెట్టినా 4120 ఆంగ్‌స్ట్రామ్ వస్తోంది: బైప్రిజం ప్రయోగంలో తప్పెక్కడ?

కపిలతీర్థం_బీఎస్సీ (తిరుపతి), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ రెండో ఏడాది, ఫిజిక్స్. శనివారం ల్యాబ్‌లో నేనూ నా పార్ట్‌నరూ కలిసి బైప్రిజం ప్రయోగం చేశాం. ఫ్రింజ్‌లు బాగా కనిపించాయి, లెక్క పెట్టాం, తీరా చూస్తే తరంగదైర్ఘ్యం 4120 ఆంగ్‌స్ట్రామ్ వచ్చింది. సోడియానికి 5893 రావాలి కదా. మా సార్ రికార్డు చూసి "పసుపు దీపం పెట్టి ఊదా రంగు పట్టుకొచ్చారా" అని నవ్వి, మళ్లీ చేయమన్నారు. వచ్చే వారం ప్రాక్టికల్స్. చాలా టెన్షన్‌గా ఉంది.

మా రీడింగులు ఇవి. స్లిట్‌కీ బైప్రిజంకీ మధ్య 20 సెం.మీ. స్లిట్ నుంచి ఐపీస్‌కు D = 90 సెం.మీ. 15 ఫ్రింజ్‌లు దాటడానికి మైక్రోమీటర్ 4.38 మి.మీ. కదిలింది, అంటే ఒక్కో ఫ్రింజ్ వెడల్పు 0.292 మి.మీ. తర్వాత కుంభాకార కటకం పెట్టి రెండు చోట్ల ప్రతిబింబాలు పట్టుకున్నాం. పెద్ద జంట మధ్య d1 = 4.74 మి.మీ., చిన్న జంట మధ్య d2 = 0.34 మి.మీ.

```
d = √(d1·d2) = √(4.74 × 0.34) = 1.27 mm
λ = β·d/D = 0.292 × 1.27 / 900 = 0.000412 mm
```

లెక్క నాలుగు సార్లు చూశాను. అందులో తప్పు లేదు. మరి ఎక్కడ పోయింది?

గేట్_బ్యాచ్_2 (తిరుపతి), సోమవారం రాత్రి 10:05

స్లిట్ వెడల్పు ఎక్కువైపోయి ఉంటుంది. స్లిట్ సన్నగా లేకపోతే అది ఒక్క మూలంగా పనిచేయదు, ఫ్రింజ్‌లు ఒకదాని మీద ఒకటి పడి వెడల్పు తప్పుగా వస్తుంది. మా కాలేజీలోనూ ఇదే గోల. స్లిట్ స్క్రూ బిగించి మళ్లీ చేయండి, వచ్చేస్తుంది.

స్టోర్_తాళంచెవి (తిరుపతి), సోమవారం రాత్రి 10:31

నేను ల్యాబ్ అటెండర్‌ని, ఫార్ములాలు నాకు రావు. కానీ స్లిట్ లావైతే ఏమవుతుందో రోజూ చూస్తుంటాను. ఫ్రింజ్‌లు మసకబారి ఆ తర్వాత మాయమైపోతాయి. అంతేగానీ ఇరవై ఫ్రింజ్‌లు పదిహేనయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ అమ్మాయికి ఫ్రింజ్‌లు బాగానే కనిపించాయంటోంది కదా, అయితే స్లిట్ జోలికి పోవద్దు.

పాత_స్పెక్ట్రోమీటర్ (తిరుపతి, రిటైర్డ్ లెక్చరర్), మంగళవారం ఉదయం 6:15

అటెండర్ గారు చెప్పిందే నిజం. స్లిట్‌ను కొంచెం పక్కకు జరిపితే మధ్య ఫ్రింజ్ అవతలి పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే, బైప్రిజం నుంచి ఐపీస్ వరకు ఉన్న దూరాన్ని స్లిట్ నుంచి బైప్రిజం వరకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చినన్ని రెట్లు. ఇక్కడ 70ని 20తో భాగిస్తే మూడున్నర. స్లిట్‌కు ఒక వెడల్పంటూ ఉంది కాబట్టి దాని ఎడమ అంచు ఒక ఫ్రింజ్‌ల వరుసను, కుడి అంచు మరో వరుసను వేస్తాయి. ఈ వరుసల మధ్య జరుగుడు సరిగ్గా ఒక ఫ్రింజ్ వెడల్పయితే వెలుగు మీద చీకటి పరుచుకుని అంతా సమంగా తేలిపోతుంది. 0.292ని 3.5తో భాగించండి, 0.083 మి.మీ. వస్తుంది. స్లిట్ అంత తెరుచుకుంటే ఇక ఫ్రింజ్ ఉండదు. ఏ వరుసలో చూసినా ఫ్రింజ్‌కీ ఫ్రింజ్‌కీ ఎడం మాత్రం అదే, 0.292. కాబట్టి స్లిట్ వల్ల స్పష్టత పోతుందే తప్ప λ మారదు.

అమ్మాయ్, నీ బైప్రిజం డబ్బా మీద కోణం ఏమైనా రాసి ఉందా?

కపిలతీర్థం_బీఎస్సీ, మంగళవారం ఉదయం 7:50

మేడం, స్టిక్కర్ సగం చిరిగిపోయింది. 179 డిగ్రీలు అని మాత్రం కనిపిస్తోంది. కానీ మా ఫార్ములాలో ఆ కోణమే లేదు కదా?

గేట్_బ్యాచ్_2, మంగళవారం ఉదయం 8:20

అదే! కోణం సరిగ్గా 179 లేకపోతే d మారిపోతుంది. d = 2a(μ−1)α. ఇదే తప్పయి ఉంటుంది.

పాత_స్పెక్ట్రోమీటర్, మంగళవారం ఉదయం 8:55

ఈసారి సగం దారి వచ్చావు బాబూ. కటకంతో d కొలిచినప్పుడు కోణం ఎంతున్నా లెక్కకు ఇబ్బంది లేదు, అది d1, d2లలోనే కలిసిపోయి ఉంటుంది. అందుకే ఆ అమ్మాయి ఫార్ములాలో α లేదు. కానీ నువ్వు రాసిన ఫార్ములాతో d ఉరామరిగా ఎంత ఉండాలో చూసుకోవచ్చు. పెద్ద కోణం 179 అయితే అటూ ఇటూ ఉన్న చిన్న కోణాలు అర డిగ్రీ చొప్పున ఉంటాయి. అర డిగ్రీ అంటే 0.00873 రేడియన్. మామూలు గాజుకు μ 1.52 అనుకుందాం. a అంటే స్లిట్‌కీ బైప్రిజంకీ మధ్య దూరం, 200 మి.మీ.

```
d = 2 × 200 × 0.52 × 0.00873 ≈ 1.8 mm
```

1.8 ఉండాల్సిన చోట ఈ పిల్లలకు 1.27 వచ్చింది. గాజులో, స్టిక్కర్‌లో చిన్నా చితకా తేడాలుండొచ్చు గానీ, నూటికి ముప్పై తేడా ఉండదు. పైగా λ కూడా సరిగ్గా అదే ముప్పై శాతం తగ్గింది. అంటే D, β రెండూ దాదాపు బాగానే ఉన్నాయి, తేడా కొట్టింది d ఒక్కటే.

రేణిగుంట_రోడ్డు_నాన్న (తిరుపతి), మంగళవారం మధ్యాహ్నం 1:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి ఎంసెట్‌కు చదువుతున్నాడు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు). రెండు చీలికల పరికరాన్ని నీళ్లలో ముంచితే ఫ్రింజ్ వెడల్పు తగ్గుతుంది, గాలిలో ఉన్నదాన్ని 1.33తో భాగించాలి అని వాడి మెటీరియల్‌లో ఉంది. ఈ బైప్రిజం కూడా అలాంటిదే కదా, దీన్నీ 1.33తో భాగిస్తే సరిపోతుందా? ఇంకొకటి, రెండు కాంతి మూలాలే కావాలంటే రెండు సోడియం దీపాలు పెట్టుకోవచ్చు కదా, ఈ తిప్పలన్నీ ఎందుకు?

పాత_స్పెక్ట్రోమీటర్, మంగళవారం మధ్యాహ్నం 2:35

ముందు రెండో ప్రశ్న. దీపంలో లెక్కలేనన్ని సోడియం పరమాణువులు ఎవరిదారిన వారు కాంతి వదులుతుంటాయి. ఒక దీపం నుంచి వచ్చే తరంగం ఏ క్షణాన ఎత్తులో ఉంటుందో, ఏ క్షణాన పల్లంలో ఉంటుందో పక్క దీపానికి తెలియదు. రెండు దీపాలు పెట్టినా ఫ్రింజ్‌లు పడతాయి, కాకపోతే క్షణంలో ఎన్నో కోట్ల సార్లు చోటు మారుతుంటాయి. మన కంటికి సమంగా పరుచుకున్న వెలుగే మిగులుతుంది. బైప్రిజం కొత్తగా కాంతిని పుట్టించదు. ఒకే స్లిట్ నుంచి వచ్చిన తరంగంలో సగాన్ని ఎడమ భాగం ఒకవైపు, సగాన్ని కుడి భాగం మరోవైపు వంచుతాయి. స్లిట్ దగ్గర తరంగం ఎలా తొట్రుపడినా ఆ తొట్రుపాటు రెండు సగాల్లోనూ ఒకేలా ఉంటుంది. ఐపీస్ దగ్గర కలిసినప్పుడు తేడా అంతా దారి పొడవులోనే కనిపిస్తుంది. స్లిట్ ప్రతిబింబాలు రెండే గానీ, అసలు మనిషి ఒక్కడే.

ఇక నీళ్ల సంగతి. మీ అబ్బాయి మెటీరియల్ రెండు చీలికల వరకు సరైనదే. బైప్రిజం దగ్గర మాత్రం తిరగబడుతుంది. నీళ్లలో తరంగదైర్ఘ్యం 1.33 వంతున తగ్గుతుంది, నిజమే. కానీ గాజు, నీళ్ల మధ్య వక్రీభవన గుణకాల తేడా తక్కువ కాబట్టి ప్రిజం కిరణాన్ని అంతగా వంచలేదు, d బాగా చిక్కిపోతుంది. రెండూ కలిపి లెక్కేస్తే ఫ్రింజ్ వెడల్పు (1.52−1)ని (1.52−1.33)తో భాగించినన్ని రెట్లవుతుంది. అంటే దాదాపు 2.7 రెట్లు పెరుగుతుంది. ప్రశ్నలో "మొత్తం పరికరాన్ని" అన్న మాట ఉందో లేదో చూసుకోమనండి.

రేణిగుంట_రోడ్డు_నాన్న, మంగళవారం మధ్యాహ్నం 3:02

తగ్గడం కాదు, పెరుగుతుందా! వాడికి చెబితే నమ్మడు. ఈ పేజీ చూపిస్తాను.

తోతాపురి (చిత్తూరు), మంగళవారం రాత్రి 8:45

ఇంత తిప్పలెందుకండీ. నేను చిత్తూరులో ఇంట్లోనే ఒక గాజు పలకతో చేశాను, అద్దం పద్ధతి. లాయిడ్ అద్దం అంటారు. సూక్ష్మదర్శిని స్లైడ్ ఒకటి తీసుకుని వెనకవైపు నల్ల పెయింట్ కొట్టాను, లేకపోతే వెనక తలం నుంచి కూడా కాంతి వెనక్కి వచ్చి గందరగోళం చేస్తుంది. లేజర్ పెన్ ముందు చిన్న కటకం పెట్టి కాంతిని విప్పి, ఆ కాంతి స్లైడ్‌ను రాసుకుంటూ పోయేలా పెట్టాను. మూడు మీటర్ల అవతల గోడ మీద ఎర్రటి గీతలు పడ్డాయి, ఎడం దాదాపు ఒక మిల్లీమీటరు. ఐపీస్ లేదు, మైక్రోమీటర్ లేదు, స్కేలు చాలు. అద్దం తగిలిన కిరణం అర తరంగం వెనక్కి తప్పుతుంది కాబట్టి నడిమి ఫ్రింజ్ నల్లగా ఉండాలని పుస్తకంలో చదివాను. గోడ మీద చూశాను, నల్లగానే ఉంది!

గేట్_బ్యాచ్_2, మంగళవారం రాత్రి 9:10

సూపర్ అన్నా. కపిలతీర్థం గారూ, మీరు కూడా సోడియం తీసేసి బెంచ్ మీద లేజర్ పెట్టేయండి. ఫ్రింజ్‌లు ధగధగా కనిపిస్తాయి, స్లిట్ కూడా అక్కర్లేదు.

పాత_స్పెక్ట్రోమీటర్, మంగళవారం రాత్రి 9:25

ఆ పని ఎవరూ చేయకండి. లేజర్ పెట్టిన బెంచ్‌లో ఐపీస్‌కు కన్ను ఆనించకూడదు. లేజర్ అయితే గోడ మీదో తెర మీదో చూడాలి, చిత్తూరు తమ్ముడు చేసినట్టు.

తమ్ముడూ, ప్రయోగం బాగుంది. లెక్కా సరిపోతోంది. ఎర్ర లేజర్ 650 నానోమీటర్లు అనుకుంటే, కాంతి బిందువు గాజుకు ఒక మిల్లీమీటరు ఎత్తున ఉంటే దాని ప్రతిబింబంతో కలిపి d = 2 మి.మీ. అవుతుంది, మూడు మీటర్ల దూరాన ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఎడం రావాలి. కానీ నువ్వు చూసిన నల్ల గీత నడిమిది కాదు. నడిమి ఫ్రింజ్ అద్దం తలాన్ని అలాగే గోడ దాకా పొడిగిస్తే తగిలే చోట ఉండాలి. అద్దం అంచు దాటాక అక్కడికి ప్రతిఫలించిన కాంతి చేరదు. తెరను అద్దం చివరకు ఆనించి పెడితేనే ఆ నల్ల గీత కనిపిస్తుంది. గోడ మీద నీకు పడినవన్నీ ఒక పక్క ఫ్రింజ్‌లే.

తోతాపురి, మంగళవారం రాత్రి 9:50

మేడం, నేను కళ్లారా చూశాను. వరుస మొదట్లో నల్లటి గీత, మిగతావాటి కంటే లావుగా ఉంది.

పాత_స్పెక్ట్రోమీటర్, మంగళవారం రాత్రి 10:04

లావుగా ఉందంటేనే అనుమానం. వ్యతికరణ ఫ్రింజ్‌లన్నీ ఒకే వెడల్పుంటాయి. అద్దం అంచు దగ్గర వివర్తనం వల్ల వచ్చే గీతలే లావుగా మొదలై సన్నబడుతూ పోతాయి. నువ్వు చూసింది ఆ అంచు గీత అని నా ఉద్దేశం.

తోతాపురి, మంగళవారం రాత్రి 10:20

నాకైతే అలా అనిపించడం లేదు. ఆదివారం తెర దగ్గరికి తెచ్చి మళ్లీ చూస్తాను.

కపిలతీర్థం_బీఎస్సీ, బుధవారం ఉదయం 7:30

మేడం, d తప్పని మీరన్నారు. కానీ d1, d2 ఒక్కోటి మూడేసి సార్లు తీశాం, రెండో దశాంశం వరకు కలిశాయి. స్క్రూ కూడా ఒకే దిక్కుగా తిప్పాం, బ్యాక్‌లాష్ లేదు.

పాత_స్పెక్ట్రోమీటర్, బుధవారం ఉదయం 9:00

నీ రీడింగులు బాగున్నాయి. అవి ఎంత బాగున్నాయంటే, మీరు ల్యాబ్‌లో ఏం చేశారో అవే చెబుతున్నాయి.

పెద్ద ప్రతిబింబం అంటే కటకం స్లిట్‌కు దగ్గరగా ఉన్నప్పటిది. దాని ఆవర్ధనం v/u. చిన్నది కటకం దూరం జరిగినప్పటిది, దాని ఆవర్ధనం u/v. కాబట్టి d1ను d2తో భాగించి వర్గమూలం తీస్తే v/u వచ్చేస్తుంది. 4.74ని 0.34తో భాగిస్తే 13.94, వర్గమూలం 3.73. u, v రెండూ కలిపి 90 సెం.మీ. అందులో u అంటే 90ని 4.73తో భాగించాలి, 19 సెం.మీ. అంటే పెద్ద ప్రతిబింబం తీసినప్పుడు మీ కటకం స్లిట్‌కు 19 సెం.మీ. దూరంలో నిలబడింది.

మరి బైప్రిజం 20 సెం.మీ. దగ్గర ఉందని రాశావు. కటకం బైప్రిజంకూ ఐపీస్‌కూ మధ్య ఉండాలి. 20 దగ్గర బైప్రిజం ఉండగా కటకం 19 దగ్గరికి ఎలా వచ్చిందమ్మా?

స్టోర్_తాళంచెవి, బుధవారం ఉదయం 9:12

దొరికిపోయారు 😀

కపిలతీర్థం_బీఎస్సీ, బుధవారం సాయంత్రం 5:40

మేడం, సారీ. ఇప్పుడు గుర్తొచ్చింది. కటకం జరుపుతుంటే దాని స్టాండు బైప్రిజం స్టాండుకు తగిలి ఆగిపోయింది, ప్రతిబింబం ఇంకా ఫోకస్ కాలేదు. అప్పుడు నా పార్ట్‌నర్ బైప్రిజం స్టాండును స్లిట్ వైపు కొంచెం నెట్టింది. ప్రతిబింబం వెంటనే స్పష్టంగా వచ్చేసింది, హమ్మయ్య అనుకుని రీడింగ్ తీసేశాం. ఈరోజు దాన్ని అడిగితే 14 దగ్గర పెట్టానంది. కటకం డబ్బా మీద f = 15 సెం.మీ. అని ఉంది.

కొంచెం నెట్టినంత మాత్రాన ఇంత తేడా వస్తుందా?

పాత_స్పెక్ట్రోమీటర్, బుధవారం సాయంత్రం 6:30

వస్తుంది. d అన్నది బైప్రిజంకు పుట్టుకతో వచ్చిన సంఖ్య కాదు. స్లిట్ నుంచి అది ఎంత దూరంలో ఉంటే d అంత, దామాషాలో. 20 దగ్గర 1.8 ఉన్నది 14 దగ్గర 0.7 వంతవుతుంది, దాదాపు 1.27. మీకు వచ్చింది అదే. అంటే మీరు 14 దగ్గర d ని తప్పేమీ లేకుండా కొలిచారు, 20 దగ్గర β ని తప్పేమీ లేకుండా కొలిచారు, ఆ తర్వాత ఈ రెంటినీ ఒకే ఫార్ములాలో కలిపారు. 5893లో 0.7 వంతు 4125. మీ ఊదా రంగు అక్కడి నుంచి వచ్చింది.

స్టాండు తగలడానికి కారణం కటకం f తక్కువ కావడం. 90 సెం.మీ. బెంచ్ దూరానికి f = 15 అయితే దగ్గరి చోటు 19 సెం.మీ. దగ్గరే పడుతుంది, అది బైప్రిజంకు వెనక. అదే f = 20 కటకం అయితే దగ్గరి చోటు 30 సెం.మీ., దూరపు చోటు 60 సెం.మీ. బైప్రిజంకు పది సెంటీమీటర్ల ఎడం ఉంటుంది, ఎవరినీ నెట్టక్కర్లేదు. అలాగని f = 25 కటకం తెచ్చుకోవద్దు. నాలుగు రెట్ల f కంటే D ఎక్కువుంటేనే రెండు చోట్ల ప్రతిబింబం వస్తుంది. నాలుగు పాతికలు వంద, మీ దగ్గర తొంభైయే ఉంది.

నా మాట నమ్మకపోతే ఇంకో పరీక్ష చెబుతాను. బైప్రిజంను 14 దగ్గరే ఉంచి ఫ్రింజ్‌లు లెక్కపెట్టండి. వెడల్పు 0.42 దరిదాపుల్లో రావాలి.

కపిలతీర్థం_బీఎస్సీ, గురువారం సాయంత్రం 4:55

మేడం, ఈరోజు మధ్యాహ్నం ల్యాబ్ ఇచ్చారు. కానీ ఫ్రింజ్‌లే దొరకడం లేదు! దీపం మొదట గులాబీ రంగులో ఉండి పది నిమిషాలకు పసుపుకు తిరిగింది, అంతవరకు బాగానే ఉంది. ఐపీస్‌లో చూస్తే ఒక పసుపు పట్టీ తప్ప గీతల్లేవు. స్లిట్ ఎంత సన్నం చేసినా అంతే. అరగంట తిప్పాం. ఇంతలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది, దీపం ఆరిపోయి చల్లారేదాకా మళ్లీ వెలగలేదు. రేపు మళ్లీ వెళ్తున్నాం.

స్టోర్_తాళంచెవి, గురువారం సాయంత్రం 5:20

ఇది మాత్రం నా సబ్జెక్టు. బైప్రిజం అంచు స్లిట్‌కు సమాంతరంగా లేదు. మీరు బైప్రిజంను జరిపినప్పుడో, వేరే బ్యాచ్ వాళ్లు ముట్టుకున్నప్పుడో టాంజెంట్ స్క్రూ కదిలి ఉంటుంది. ఆ స్క్రూ బైప్రిజంను నిలువు నుంచి వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతుంది. ఐపీస్‌లో పసుపు పట్టీ చూస్తూ దాన్ని చాలా నెమ్మదిగా తిప్పాలి. ఫ్రింజ్‌లు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. రవ్వంత దాటిస్తే మళ్లీ పోతాయి, అందుకే వేగంగా తిప్పేవాళ్లకు దొరకవు.

నేను చేసే చిట్కా ఒకటుంది. స్లిట్ పొడవును నల్ల ఇన్సులేషన్ టేపుతో పైనా కిందా మూసి, మధ్యలో మూడు మిల్లీమీటర్లే వదలండి. వెలుగు తగ్గుతుంది గానీ ఫ్రింజ్‌లు తొందరగా దొరుకుతాయి. దొరికాక టేపు పీకేసి స్క్రూతో సరిచేసుకోండి. ఎందుకలా అని అడగొద్దు, మేడం చెబుతారు.

పాత_స్పెక్ట్రోమీటర్, గురువారం సాయంత్రం 7:10

ఇన్నేళ్లలో నాకు తట్టలేదు ఆ టేపు. చాలా బాగుంది. కారణం ఇది. వంకరగా ఉన్న స్లిట్, బైప్రిజం అంచు దృష్టిలో లావైన స్లిట్‌తో సమానం. పై కొన ఒక పక్కకు, కింది కొన ఇంకో పక్కకు ఉంటాయి కాబట్టి ఒక్కోటి ఒక్కో చోట ఫ్రింజ్‌లు వేస్తుంది. మొన్న 0.083 మి.మీ. లావైతే ఫ్రింజ్ ఉండదనుకున్నాం కదా. స్లిట్ పొడవు 10 మి.మీ. అయితే, ఆ పొడవు మీద అంత వంకర రావడానికి అర డిగ్రీ చాలు. అంటే బైప్రిజం అర డిగ్రీ పక్కకు తిరిగితే ఫ్రింజ్‌లు పోతాయి. 3 మి.మీ. మాత్రమే వదిలితే ఒకటిన్నర డిగ్రీ దాకా తట్టుకుంటుంది. వెతికే చోటు మూడు రెట్లు పెద్దదవుతుంది, అంతే.

గేట్_బ్యాచ్_2, గురువారం రాత్రి 8:02

అయితే నేను మొదట చెప్పిన స్లిట్ వెడల్పే చివరికి పనికొచ్చిందన్నమాట 😎

స్టోర్_తాళంచెవి, గురువారం రాత్రి 8:15

పనికొచ్చింది గానీ వేరే జబ్బుకు.

కపిలతీర్థం_బీఎస్సీ, శుక్రవారం రాత్రి 8:30

అటెండర్ అన్నా, టేపు వేశాక రెండు నిమిషాల్లో దొరికాయి! చేయి వణక్కుండా స్క్రూ తిప్పాలన్నది నిజమే. సన్నటి నల్ల దారాలు మసకలోంచి తేలినట్టు వచ్చాయి, నా పార్ట్‌నర్ అరిచేసింది.

ఈరోజు రెండు రకాలుగా చేశాం. మొదటిది, బైప్రిజం 14 దగ్గర. పది ఫ్రింజ్‌లకు 4.15 మి.మీ. వచ్చింది, β = 0.415. మేడం 0.42 అన్నారు! శనివారం తీసిన d = 1.27 ఇక్కడిదే కాబట్టి దానితో λ = 5856 ఆంగ్‌స్ట్రామ్. రెండోది, బైప్రిజం 20 దగ్గర, స్టోర్ నుంచి f = 20 కటకం తెప్పించుకున్నాం. కటకం దాదాపు 30, 60 దగ్గరే నిలిచింది. d1 = 3.66, d2 = 0.92, d = 1.835 మి.మీ. β పాతదే, 0.292, మళ్లీ చూసినా అంతే వచ్చింది. λ = 5954.

ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. సగటు తీస్తే 5905. అది రాసేస్తే సరిపోతుందా మేడం?

గేట్_బ్యాచ్_2, శుక్రవారం రాత్రి 8:50

రాసేయండి. ఎగ్జామినర్‌కు 5893 పక్కన ఏదున్నా చాలు.

పాత_స్పెక్ట్రోమీటర్, శనివారం ఉదయం 6:40

సగటు తీయడానికి నేను ఒప్పుకోను. రెండూ వేర్వేరు అమరికలు, వేర్వేరు కటకాలు. రెంటినీ a ఎంతో చెప్పి విడివిడిగా రాయి. చిన్న d2 మీద 0.01 మి.మీ. తప్పు కూడా పెద్దదే. 14 దగ్గర d2 0.34 మాత్రమే ఉంది కాబట్టి, ఆ ఒక్క వందో వంతు మిల్లీమీటరు λను 85 ఆంగ్‌స్ట్రామ్ మార్చేస్తుంది. 20 దగ్గర d2 0.92, అక్కడ అదే తప్పు 32 మాత్రమే మారుస్తుంది. 5856 దగ్గరగా కనిపిస్తున్నా నేనైతే 5954నే ఎక్కువ నమ్ముతాను.

మిగిలిన 60కి ఇంకో అనుమానితుడు D. బెంచ్ స్కేలు మీద నువ్వు చదివేది స్టాండుల గీతల మధ్య దూరం. స్లిట్ రేకు, ఐపీస్‌లో క్రాస్ వైర్ ఆ గీతల మీదే ఉంటాయని ఏముంది? నిజమైన దూరం 90.9 అయి ఉంటే లెక్క సరిగ్గా 5893 దగ్గరికి వస్తుంది.

కపిలతీర్థం_బీఎస్సీ, శనివారం ఉదయం 9:15

మేడం, రెండు D ల దగ్గర β తీసి ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఆ తేడా పోతుందని మాన్యువల్‌లో ఉంది. నిన్న ఐపీస్‌ను 70 దగ్గరికి తెచ్చి అది కూడా తీశాను, 0.227 వచ్చింది. తీసివేస్తే 0.065, దూరంలో తేడా 200 మి.మీ. λ = 0.065 × 1.835 / 200, అంటే 5964. ఇంకా పెరిగింది!

పాత_స్పెక్ట్రోమీటర్, శనివారం ఉదయం 9:50

పద్ధతి మంచిదే, నీ తేడా మరీ చిన్నది. 0.065లో మూడో దశాంశం ఒక్కటి అటూ ఇటూ అయితే λ 90 ఆంగ్‌స్ట్రామ్ కదులుతుంది. అలాంటప్పుడు తప్పు D లో ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మీ బెంచ్ ఒకటిన్నర మీటర్లదైతే ఐపీస్‌ను 140 దాకా తీసుకెళ్లి ఒక β తీయి, 70 దగ్గరిదానితో కలిపి చూడు. ఫ్రింజ్‌లు మసకగా ఉంటాయి, స్లిట్ ఇప్పటికంటే సన్నం చేయాలి. వెలుగు, చీకటి పడే సరిహద్దుల దగ్గర లావుగా ఉన్న గీతలను లెక్కలో వేయకు, మధ్యలో సమంగా ఉన్నవే తీసుకో.

స్టోర్_తాళంచెవి, శనివారం ఉదయం 10:05

140 దగ్గర చేసేటప్పుడు కిటికీ తెర వేయించుకోండి. టేపు ముక్క దీపం పెట్టె మీదే అతికించి పెట్టుకోండి, మళ్లీ అడగడానికి రావద్దు.

తోతాపురి, ఆదివారం సాయంత్రం 6:20

మేడం, తెల్ల కాగితాన్ని స్లైడ్ చివరకు ఆనించి చూశాను. అక్కడ గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, కంటికి విడిగా కనిపించడం లేదు. నల్లగా ఉందో ఎర్రగా ఉందో తేల్చలేకపోయాను. గోడ మీది లావు గీత మాత్రం ఇంకా అలాగే ఉంది.